స్పేస్‌బార్ లొడలొడ, అక్షరాల మీటలు గరగర: ముందు దేన్ని ముట్టుకోవాలి?

రాత్రిపాళీ · శుక్రవారం, రాత్రి 11:48

అందరికీ నమస్కారం. నాది రాత్రి షిఫ్టు, ఇంటి నుంచే పని. కూకట్‌పల్లిలో ఒక్క బెడ్‌రూమ్ ఫ్లాట్. నేను హాల్లో కూర్చుని టైప్ చేస్తుంటాను, అమ్మ అదే హాల్లో దీవాన్ మీద పడుకుంటుంది. నెల కిందట మోజుపడి మెకానికల్ కీబోర్డు కొన్నాను. 65 శాతం సైజు, ప్లాస్టిక్ బాడీ, లోపల స్విచ్‌లను పట్టి ఉంచే స్టీల్ ప్లేటు, స్విచ్‌లను పీకి మార్చుకునే హాట్‌స్వాప్ రకం, గేటరాన్ మిల్కీ యెల్లో స్విచ్‌లు. మొన్న పొద్దున్నే అమ్మ అడిగింది: "రాత్రంతా రేకు డబ్బాలో శనగలు పోసి ఊపుతావేంట్రా?"

వీడియోలు చూస్తే ఇంకా గందరగోళంగా ఉంది. ఒకాయన లూబ్ చేస్తే చాలంటాడు, ఇంకొకాయన ఫోమ్ అంటాడు, మరొకాయన ప్లేటు మార్చందే ఏదీ మారదంటాడు. నా బడ్జెట్ రెండు వేలు. ఎక్కడ మొదలుపెట్టాలి?

---

సగంస్విచ్ · శుక్రవారం, రాత్రి 11:59

బ్రో, స్టీల్ ప్లేటు ఉన్నంతకాలం ఎంత లూబ్ చేసినా వేస్టే. శబ్దంలో తొంభై శాతం ప్లేటుదే. పాలీకార్బొనేట్ ప్లేటు తెప్పించుకో, సౌండ్ ఒక్కసారిగా లోతుగా వస్తుంది. నేను మార్చాక మా ఇంట్లో ఎవరూ గొణగలేదు.

---

మీటల_మేస్త్రి · శనివారం, ఉదయం 7:15

సగంస్విచ్ తమ్ముడూ, ఆ తొంభై ఎక్కడ లెక్కపెట్టావో గానీ, స్పేస్‌బార్ లొడలొడ ప్లేటు మారిస్తే పోదు. బంగారు ప్లేటు వేసినా పోదు.

రాత్రిపాళీ గారూ, మీ అమ్మగారు చెప్పిన శనగల మాట పనికొస్తుంది. ఏమీ కొనకముందు కీబోర్డు నాలుగు రకాలుగా విని చెప్పండి.

ఒకటి, చెవి దగ్గర పెట్టుకుని ఏదో ఒక అక్షరం మీటను చాలా నెమ్మదిగా కిందికి నొక్కండి. ఇసుక మీద కాగితం లాగినట్టు గరగర వస్తే అది స్విచ్ లోపలి రాపిడి. రెండు, అదే మీటను గట్టిగా కొట్టి టక్కున వదలండి. చివర్లో "టింగ్" అని సన్నగా మోగితే అది చాలావరకు స్ప్రింగు. మూడు, స్పేస్‌బార్ ఎడమ చివర ఒకసారి, కుడి చివర ఒకసారి, నడుమ ఒకసారి మునివేలితో తట్టండి. లొడలొడ ఏ చివర వస్తోందో గమనించండి. నాలుగు, కీబోర్డు వీపు మీద వేలి కణుపుతో కొట్టండి. ఖాళీ డబ్బాలా డొల్లగా పలికితే అది బాడీ లోపలి ఖాళీ.

ఈ నాలుగింటికీ నాలుగు వేర్వేరు మందులు. ఫోమ్ నాలుగో రోగానికి మందు. దాన్ని మూడోదానికి వేస్తే డొల్లతనం తగ్గి, లొడలొడ ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. చాలామంది అక్కడే బోల్తా పడతారు.

---

టైపిస్టు_తాత · శనివారం, ఉదయం 8:02

బాబూ, నేను గుంటూరులో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపినవాణ్ణి. ఇరవై మెషీన్లు ఒకేసారి మోగుతుంటే పక్కింటివాళ్లు పోట్లాటకొచ్చేవారు. మేం చేసిందల్లా రెండే పనులు. ప్రతి మెషీను కింద మందపాటి ఫెల్ట్ ముక్క, నెలకోసారి కదిలే చోట కుట్టు మిషన్ నూనె. మీరు కూడా ఆ నూనె ప్రతి మీటలో ఒక్కో చుక్క వేయండి. దానికి రెండు వేలు ఎందుకు?

---

మీటల_మేస్త్రి · శనివారం, ఉదయం 8:40

తాతగారూ, మీ ఫెల్ట్ మాటకు రెండు చేతులా దండం. బల్ల మీద కీబోర్డు కింద మందపాటి డెస్క్ మ్యాట్ వేస్తే బల్ల మోగడం ఆగుతుంది. రాత్రిపాళీ గారు ఈరోజే చేయొచ్చు, పాత దుప్పటి మడతతో అయినా సరే.

నూనె దగ్గర మాత్రం చిన్న తేడా ఉంది. టైపురైటర్‌లో కదిలేది ఇనుము మీద ఇనుము. ఈ స్విచ్‌లో ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్ జారుతుంది, దాని పక్కనే కరెంటు కలిపే సన్నటి రాగి రేకు ఉంటుంది. దాన్ని లీఫ్ అంటారు. పల్చటి నూనె వేసిన చోట ఉండదు, నాలుగు రోజుల్లో పాకి ఆ రేకు మీదికి చేరుతుంది. అప్పుడు ఒక అక్షరం కొడితే రెండు పడటమో, అసలు పడకపోవడమో మొదలవుతుంది. అందుకే చిక్కటి గ్రీజు వాడతారు.

---

లీల_ల్యాప్‌టాప్ · శనివారం, ఉదయం 9:10

నా ల్యాప్‌టాప్‌లో కూడా స్పేస్‌బార్ ఒక పక్క ఊగుతోంది. లూబ్ ఎక్కడ వేయాలి? మీట పైకి లాగితే తెల్లటి ప్లాస్టిక్ కత్తెర లాంటిది కనిపిస్తోంది, భయమేసి వదిలేశాను.

---

మీటల_మేస్త్రి · శనివారం, ఉదయం 9:18

లీల గారూ, వదిలేసి మంచి పని చేశారు. అది వేరే రకం. ఆ ప్లాస్టిక్ కత్తెరలో ఒక కొక్కెం విరిగి ఉంటుంది లేదా ఊడి ఉంటుంది. గ్రీజుతో బాగయ్యేది కాదు. మీ మోడల్ నంబరుతో ఆ మీట, కత్తెర విడిగా దొరుకుతాయేమో చూడండి.

---

రాత్రిపాళీ · శనివారం, ఉదయం 11:30

అక్కా, అన్నీ విన్నాను. గరగర ప్రతి అక్షరంలోనూ ఉంది. టింగ్ ఓ ఏడెనిమిది మీటల్లో. స్పేస్‌బార్ ఎడమ చివర నిశ్శబ్దంగానే ఉంది, కుడి చివర తడితే మాత్రం లొడలొడ. వీపు మీద కొడితే అచ్చం బిస్కట్ల రేకు డబ్బా. అంటే నాకు నాలుగు రోగాలూ ఉన్నాయి :(

---

మీటల_మేస్త్రి · శనివారం, మధ్యాహ్నం 12:25

ఒక్క చివరే మోగుతోందంటే సగం రోగం తేలినట్టే. పొడవు మీటల కింద రెండు వైపులా ఒకేలా దిగడానికి స్టెబ్ అనే అమరిక, అందులో ఒక తీగ ఉంటాయి. 65 శాతం బోర్డులో అలాంటివి నాలుగే: స్పేస్, ఎంటర్, బ్యాక్‌స్పేస్, ఎడమ షిఫ్ట్. ఆ తీగ కొస స్టెబ్ లోపల కిందికీ పైకీ కదిలే ముక్క, అంటే స్టెమ్, కన్నంలో వదులుగా ఉండి, పైకి కొట్టుకుని కిందికి కొట్టుకుని మోగుతుంది. గ్రీజు ఆ సందును నింపుతుంది. కానీ తీగే వంకరగా ఉంటే ఒక చివర కన్నం పైఅంచుకు, రెండో చివర కిందిఅంచుకు ఆనుకుంటుంది. అప్పుడు ఎంత గ్రీజు కూరినా వారానికి మళ్లీ మొదలు. అందుకే ముందు తీగ సరిచేయాలి, గ్రీజు తర్వాత.

మీవి ప్లేటుకు బిగించే రకం స్టెబ్‌లు అనుకుంటాను. స్పేస్‌బార్ క్యాప్ తీసి, దాని స్విచ్ ఒక్కటి పీకి, స్టెబ్ హౌసింగ్‌ను, అంటే దాని ప్లాస్టిక్ గూటిని, క్లిప్ వైపు నొక్కి పైకి వంచితే తీగతో సహా బయటికొస్తుంది. తీగను విప్పి అద్దం మీద పడుకోబెట్టండి. అద్దం లేకపోతే ఫోన్ స్క్రీన్. పొడవు భాగం, రెండు కాళ్లు, అన్నీ ఒకే మట్టంలో అద్దాన్ని తాకాలి. ఒక కాలు కొస మీద గోరుతో తట్టండి. టిక్‌టిక్‌మని ఊగితే ఆ తీగ మెలి తిరిగి ఉంది. రెండు చివర్లనూ రెండు పట్టకార్లతో పట్టుకుని, ఊగే వైపుకు వ్యతిరేకంగా కొంచెం, నిజంగా కొంచెం, మెలిపెట్టండి. మళ్లీ అద్దం మీద పెట్టి చూడండి. నాకు ఒక్కో తీగకు ఐదారు సార్లు పడుతుంది.

అద్దం మీద కదలకుండా పడుకున్నాక గ్రీజు. తీగ కొసలకూ, అది హౌసింగ్‌లో ఇరుక్కునే చోటికీ సిలికాన్ డైఎలక్ట్రిక్ గ్రీజు. బైకు స్పేర్ పార్టుల కొట్లో స్పార్క్ ప్లగ్ క్యాప్‌కు రాసేదంటే ఇస్తారు. స్టెమ్ జారే గోడలకు మాత్రం క్రైటాక్స్ 205 జీ జీరో అనే గ్రీజు పల్చగా. ఈ రెండోది స్విచ్‌లకు కూడా అదే, 5 మిల్లీలీటర్ల డబ్బా తీసుకుంటే మీ బోర్డంతా అయి ఇంకా మిగులుతుంది.

---

సగంస్విచ్ · శనివారం, మధ్యాహ్నం 1:05

ఇంత తతంగం అక్కర్లేదు. నేను డబ్ల్యూడీ-40 స్ప్రేకు సన్నగొట్టం పెట్టి స్పేస్‌బార్ కింద ఒక్కసారి కొట్టాను, శబ్దం ఆగిపోయింది. స్విచ్‌లకు వ్యాజలీన్ రాసినవాళ్లు కూడా ఉన్నారు.

---

టంగుటూరు_టింగ్ · శనివారం, మధ్యాహ్నం 1:40

ఆగిపోయిందన్నావు, ఎన్నాళ్లకు తిరిగొచ్చిందో కూడా చెప్పు. నేనూ అదే చేశా. మూడు వారాలు హాయిగా ఉంది. తర్వాత దుమ్మంతా అంటుకుని మీట సగం దూరం లేచి ఆగడం మొదలైంది. పైగా ఆ డబ్బా తయారుచేసేవాళ్లే పాలీకార్బొనేట్ మీద, పారదర్శక పాలీస్టైరీన్ మీద వాడొద్దని చెబుతారు. అద్దంలా కనిపించే స్విచ్ పైమూతలు చాలావరకు పాలీకార్బొనేటే.

వ్యాజలీన్ కూడా పెట్రోలియం సరుకే. కొన్ని ప్లాస్టిక్‌లతో దానికి పడదు. దొరికింది కదా అని రాయకండి.

---

రాత్రిపాళీ · ఆదివారం, సాయంత్రం 6:20

గ్రీజులు రెండూ దొరికాయి. స్పేస్‌బార్ తీగ అద్దం మీద పెడితే కుడి కాలు కింద ఒక విజిటింగ్ కార్డు దూరింది! సరిచేయబోయి ఎక్కువ మెలిపెట్టాను, ఈసారి ఎడమ కాలు లేచింది. అలా అటూ ఇటూ ఓ పది సార్లు. చివరికి సన్న కాగితం కూడా దూరకుండా పడుకుంది. గ్రీజు పెట్టి బిగించాను.

లొడలొడ పోయింది అక్కా. ఒక్క స్పేస్‌బారే మెత్తగా "తప్" అంటోంది, చుట్టూ మిగతావన్నీ డప్పులే. అమ్మ వచ్చి ఆ ఒక్క మీట నొక్కి చూసి "ఇది చచ్చిపోయిందా?" అంది.

---

మీటల_మేస్త్రి · ఆదివారం, రాత్రి 8:10

అమ్మగారి చెవి నాకు కావాలి :)

మిగతా మూడు స్టెబ్‌లు కూడా అలాగే చేయండి. ఇక స్విచ్‌లు. ఒకేసారి అరవై ఎనిమిదీ విప్పొద్దు. ముందు మూడు చేసి, బోర్డులో పెట్టి, ఒక రోజు వాడి చూడండి.

స్విచ్ ఓపెనర్‌తో పైమూత తీస్తే స్టెమ్, స్ప్రింగు, కింది హౌసింగ్ వస్తాయి. కుంచె 00 నంబరుది చాలు. గ్రీజులో కుంచె ముంచి, డబ్బా అంచుకు తుడిచి, అప్పుడు రాయండి. కింది హౌసింగ్‌లో స్టెమ్ జారే రెండు పట్టాలు, స్టెమ్ పక్క గోడలు, స్ప్రింగు రెండు కొసలు, అంతే. రాశాక వెలుతురులో చూస్తే ప్లాస్టిక్ కొంచెం మెరవాలి. తెల్లగా కనిపించిందంటే ఎక్కువైంది. ముగ్గు వేసినట్టు కాదు, నుదుట విభూతి తుడిచేశాక మిగిలినంత.

స్టెమ్‌కు లీఫ్ వైపు రెండు చిన్న కాళ్లుంటాయి. యెల్లో సాఫీగా దిగే లీనియర్ రకం కాబట్టి, కుంచెలో మిగిలిన తడి వాటికి ఒకసారి తగిలిస్తే చాలు. లీఫ్ రేకుకు మాత్రం ఏమీ రాయొద్దు.

స్ప్రింగుల టింగ్‌కు చాలామంది 105 అనే పల్చటి నూనె చుక్కలు జిప్ కవర్లో వేసి, స్ప్రింగులన్నీ పోసి ఊపుతారు. అది త్వరగా అవుతుంది. మీ దగ్గర అది లేదు కాబట్టి స్ప్రింగు రెండు కొసలనూ గ్రీజులో అలా తాకించండి.

ఒక హెచ్చరిక. ఈ గ్రీజు మామూలుగా హాని చేయదు. కానీ బాగా కాలితే విషపు పొగ వస్తుంది. చేతులు కడగకుండా సిగరెట్ ముట్టొద్దు.

---

బ్రౌన్_బాబ్జీ · ఆదివారం, రాత్రి 9:00

నావి బ్రౌన్ స్విచ్‌లు, ఇదే పద్ధతా?

---

మీటల_మేస్త్రి · ఆదివారం, రాత్రి 9:12

కాళ్ల దగ్గర ఒక్కచోట తేడా. బ్రౌన్‌లో వేలికి తగిలే ఆ గడ్డ, కాళ్లు లీఫ్‌ను దాటడం వల్లే వస్తుంది. అక్కడ గ్రీజు పెడితే గడ్డ కరిగిపోయి పాడైన లీనియర్‌లా తయారవుతుంది. కాళ్లు పొడిగా వదిలేయండి. గ్రీజు కూడా 205 కంటే పల్చటిది, ట్రైబోసిస్ 3203 లాంటిది నయం.

---

రాత్రిపాళీ · బుధవారం, రాత్రి 1:35

అక్కా, మీ మాట వినలేదు. మూడు చేశాక బాగుందనిపించి ఆవేశంలో సోమవారం రాత్రికి అన్నీ విప్పేశాను. నాలుగు గంటలు పట్టింది. మొదటి పన్నెండింటికి చేయి ధారాళంగా పడింది. ఇప్పుడు గరగర పూర్తిగా పోయింది, కానీ మూడు సమస్యలు.

ఆ పన్నెండు మీటలూ జిగటగా లేస్తున్నాయి, వేగంగా కొడితే వెనకబడుతున్నాయి. `a` కొడితే ఒక్కోసారి `aa` పడుతోంది. `n` అసలు పడటం లేదు. రాత్రి మేనేజర్‌కు "no issues" అని పంపబోతే "o issues" అని వెళ్లింది. టెన్షన్‌గా ఉంది, బోర్డు కాల్చేశానా?

---

సగంస్విచ్ · బుధవారం, రాత్రి 1:50

స్పిరిట్‌లో నానబెట్టి కడిగేయ్ బ్రో, గ్రీజంతా కరిగిపోతుంది.

---

మీటల_మేస్త్రి · బుధవారం, ఉదయం 6:55

కాల్చలేదు, కంగారు పడొద్దు. స్పిరిట్ కూడా వద్దు. ఈ గ్రీజు మామూలు ఆల్కహాల్‌లో కరగదు, నానబెడితే అటూ ఇటూ జరిగి లీఫ్‌కు అంటుకుంటుంది. పొడి టిష్యూ కాగితం, పొడి కుంచె, ఇవే దానికి మందు. ఆ పన్నెండూ విప్పి స్టెమ్‌ను టిష్యూతో గట్టిగా తుడవండి, పట్టాలను పొడి కుంచెతో గోకండి. తిరిగి కొత్తగా రాయకండి. తుడిచాక మిగిలిందే సరిపోతుంది.

ఇక `n` సంగతి. ఆ స్విచ్ పీకి, బాగా పనిచేస్తున్న పక్క మీట చోటులో పెట్టండి. రోగం స్విచ్ వెంట వెళ్తే తప్పు స్విచ్‌ది. స్విచ్ కొత్త చోట పనిచేసి, పాత చోటు చచ్చే ఉంటే తప్పు బోర్డు సాకెట్‌ది. కానీ అంతకంటే ముందు స్విచ్ తిరగేసి కింది రాగి కాళ్లు చూడండి. హాట్‌స్వాప్‌లో కొంచెం వంకరగా నొక్కితే రాగి కాలు సాకెట్‌లోకి దూరకుండా మడతపడి, స్విచ్ కిందే పడుకుంటుంది. పట్టకారుతో నిటారుగా చేస్తే చాలు. పెట్టేటప్పుడు బోర్డు వెనక సాకెట్‌కు ఒక వేలు ఊతం పెట్టండి. లేకపోతే సాకెట్ అతుకుతో సహా ఊడొస్తుంది, అప్పుడు నిజంగా టెన్షన్ పడాలి.

`a` రెండుసార్లు పడుతోందంటే లీఫ్ రేకులు కలిసే చోట గ్రీజు చేరింది. టిష్యూ కొసను సన్నగా చుట్టి ఆ రేకుల నడుమ ఒకసారి లాగండి.

---

రాత్రిపాళీ · గురువారం, రాత్రి 12:10

అక్షరాలా అదే. `n` కాలు మడతపడి ఉంది. `a` లీఫ్ మీద గ్రీజు చిన్న బొట్టు, తుడిచాక బాగుంది. పన్నెండులో పదకొండు దారికొచ్చాయి. ఒకటి ఇంకా బద్ధకిస్తోంది, దాన్ని ఎవరూ వాడని మూల మీటకు బదిలీ చేశాను. పనిష్మెంట్ ట్రాన్స్‌ఫర్.

ఇప్పుడు మిగిలింది డొల్ల. ఉత్సాహం ఆగక స్టేషనరీ షాపులో 5 మిల్లీమీటర్ల ఇవా ఫోమ్ షీటు కొన్నాను, పిల్లలు క్రాఫ్ట్ పనికి వాడేది. బాడీ అడుగున పరిచి మరలు బిగించాక బోర్డు నడుమ వీపు ఉబ్బినట్టు లేచింది. `g`, `h` దగ్గర మీటలు ఎత్తుగా ఉన్నాయి. ఇది వాడితే నష్టమా?

---

టంగుటూరు_టింగ్ · గురువారం, ఉదయం 9:25

నష్టమే, తీసేయ్. నీది ట్రే మౌంట్, అంటే స్విచ్‌లు గుచ్చే సర్క్యూట్ బోర్డును, పీసీబీని, బాడీలోని స్తంభాలకు మరలతో బిగిస్తారు. అంచుల దగ్గర మరలు లాగుతుంటే నడుమ ఫోమ్ తోస్తుంటే పీసీబీ విల్లులా వంగి ఉంటుంది. అతుకులు ఎన్నాళ్లు ఓరుస్తాయి?

మందం కొలవడానికి నా చిట్కా చెప్తా. గోధుమపిండి ముద్దలు గోళీకాయంత నాలుగైదు చేసి, పల్చటి కవర్లో చుట్టి బాడీ అడుగున అక్కడక్కడా పెట్టు. బోర్డు పెట్టి మరలు బిగించి, మళ్లీ విప్పు. చదునైన ముద్దల మందం స్కేలుతో కొలువు. హాట్‌స్వాప్ సాకెట్లు పీసీబీ కిందికి పొడుచుకొచ్చి ఉంటాయి కాబట్టి సాకెట్ కింద పడిన ముద్దే లెక్క. దానికంటే ఒక అర మిల్లీమీటరు తక్కువ మందం ఫోమ్ వెయ్యి. స్తంభాల దగ్గరా, యూఎస్‌బీ తీగ దగ్గరా కత్తిరించి ఖాళీ వదులు.

---

రాత్రిపాళీ · గురువారం, రాత్రి 11:20

చపాతీ పిండి అడిగితే అమ్మ "ఇప్పుడు దానికి తిండి కూడానా" అంది. సాకెట్ కింద ముద్ద మందం మూడున్నర వచ్చింది. 3 మిల్లీమీటర్ల షీటు వేశాను. బోర్డు చదునుగా కూర్చుంది. వీపు మీద కొడితే బిస్కట్ డబ్బా శబ్దం పోయి చెక్క మీద కొట్టినట్టుంది.

కానీ ఒక సంగతి. డొల్ల పోయాక ఎడమ షిఫ్ట్‌లో ఇంతకుముందు లేని "టిక్" వినిపిస్తోంది. లొడలొడ కాదు, వదిలినప్పుడు మాత్రమే ఒక్క టిక్.

---

మీటల_మేస్త్రి · శుక్రవారం, ఉదయం 7:05

ఇంతకుముందూ ఉంది, డొల్లలో కలిసిపోయి వినిపించలేదు. వదిలినప్పుడే వస్తోంది కాబట్టి స్టెమ్ పైకొచ్చి హౌసింగ్ కప్పుకు తగులుతుండొచ్చు. లేదా హౌసింగే ప్లేటు కంతలో వదులుగా ఉండి ఎగురుతుండొచ్చు. క్యాప్ తీసి, హౌసింగ్‌ను గోళ్లతో పట్టుకుని ఊపి చూడండి. ఊగితే ప్లేటు కంత అంచుకూ హౌసింగ్‌కూ నడుమ చిన్న గుడ్డ టేపు ముక్క పెట్టండి, బిగుసుకుంటుంది. ప్లేటుకు బిగించే స్టెబ్‌లకు ఈ జబ్బు పుట్టుకతోనే ఉంటుంది. పీసీబీకి మరలతో బిగించేవి అందుకే నయం, కానీ మీ బోర్డులో వాటికి కన్నాలుండాలి.

---

సగంస్విచ్ · శుక్రవారం, ఉదయం 10:30

సరే, స్టెబ్ విషయంలో ఒప్పుకుంటున్నా. కానీ ప్లేటు తేడా లేదంటే ఊరుకోను. అదే బోర్డు, అవే స్విచ్‌లు, అల్యూమినియం నుంచి పాలీకార్బొనేట్‌కు మార్చాను. టక్‌టక్ అనేది డుబ్‌డుబ్ అయింది. కళ్లు మూసుకున్నా చెప్పగలను.

---

మీటల_మేస్త్రి · శుక్రవారం, ఉదయం 11:15

తేడా లేదని నేనెప్పుడన్నాను? ఉక్కు అల్యూమినియం కంటే దాదాపు మూడింతలు గట్టిది. పాలీకార్బొనేట్ అల్యూమినియం గట్టితనంలో దాదాపు ముప్పయ్యో వంతే. మీట అడుగుకు తగిలిన దెబ్బ స్విచ్ నుంచి ప్లేటుకు వెళ్తుంది. గట్టి ప్లేటు సన్నటి స్వరాలను మింగకుండా దాటిస్తుంది, అందుకే టక్ అని పదునుగా పలుకుతుంది. మెత్తటిది వాటిని తనలోనే చంపేసి బరువైన స్వరాన్ని మిగులుస్తుంది. ఇత్తడి, ఉక్కు ఒక పక్క, పాలీకార్బొనేట్, పామ్ అనే ప్లాస్టిక్ ఇంకో పక్క, సర్క్యూట్ బోర్డులు చేసే ఎఫ్ఆర్4 నడుమ.

నేను చెప్పేదల్లా వరుస గురించే. నీ బోర్డు గ్యాస్కెట్ రకం, ప్లేటు మెత్తటి దిళ్ల మీద తేలుతుంది, కాబట్టి దాని గొంతు వినిపిస్తుంది. ట్రే మౌంట్‌లో బరువంతా స్తంభాల మీద, అక్కడ ఆ తేడా తగ్గుతుంది.

---

టంగుటూరు_టింగ్ · శుక్రవారం, మధ్యాహ్నం 12:40

నా అనుభవం వేరు. ప్లేటుకూ పీసీబీకీ నడుమ ఉండే 3.5 మిల్లీమీటర్ల సందులో ఫోమ్ వేసి, మా తమ్ముణ్ణి వెనక నిలబెట్టి ఎఫ్ఆర్4, పాలీకార్బొనేట్ బోర్డులు రెండూ వినిపించాను. ఏది ఏదో వాడు చెప్పలేకపోయాడు, తర్వాత నేనూ చెప్పలేకపోయాను. సందు నిండాక ప్లేట్లన్నీ ఒకే గొంతుతో మాట్లాడతాయని నా అభిప్రాయం.

---

సగంస్విచ్ · శుక్రవారం, మధ్యాహ్నం 12:52

ఆ సందులో ఫోమ్ పెట్టడమే తప్పు. నీ బోర్డు గొంతు నొక్కేసి, మాట్లాడటం లేదంటున్నావు.

---

విశాఖ_వాన · శుక్రవారం, సాయంత్రం 5:15

ప్లేటు గొడవలో నా డబ్బు కూడా పోయింది కాబట్టి చెప్తున్నా. నా బోర్డుకు రెడీమేడ్ ప్లేటు దొరక్క, నేమ్‌బోర్డులు కోసే ఒక షాపులో యాక్రిలిక్ మీద లేజర్‌తో కోయించాను. వాళ్ల దగ్గర 3 మిల్లీమీటర్ల షీటే ఉంది, పర్లేదులే అనుకున్నా. స్విచ్ పక్కనుండే క్లిప్పులు 1.5 మిల్లీమీటర్ల ప్లేటు కింది అంచును పట్టుకునేలా ఉంటాయని అప్పటికి తెలియదు. ఒక్కటీ పట్టుకోలేదు, క్యాప్ లాగితే స్విచ్ కూడా వచ్చేసేది. రెండోసారి 1.5 మందం తెచ్చి ఇచ్చాను. ఫైల్లో కంత సరిగ్గా 14 మిల్లీమీటర్లే, కానీ లేజర్ తన వంతు కొంత తినేసి కంతలు వదులయ్యాయి. బిగించేటప్పుడు రెండు చోట్ల పటుక్కున విరిగింది.

పాలీకార్బొనేట్ కోయమంటే లేజర్‌లో మాడి పసుపు తిరుగుతుందని వాళ్లే వద్దన్నారు. దానికి సీఎన్‌సీ మిల్లింగ్ కావాలట. ఇప్పుడు పాత స్టీల్ ప్లేటే వాడుతున్నా. మా సముద్రపు గాలికి అంచుల్లో తుప్పు మొదలైంది, అది వేరే కథ.

---

రాత్రిపాళీ · శనివారం, రాత్రి 12:30

విశాఖ గారి కథ విన్నాక ప్లేటు జోలికి వెళ్లను. మొదట కొన్నప్పుడు ఫోన్‌ను బల్ల మీద ఒకేచోట పెట్టి రికార్డు చేసుకున్నది ఉంది. ఇప్పుడు మళ్లీ అక్కడే పెట్టి అదే వాక్యం కొట్టాను. తేడా ఉంది కానీ చెవికి తెలిసినంత లేదు.

---

మీటల_మేస్త్రి · శనివారం, ఉదయం 7:20

ఫోన్ మైకు చిన్న శబ్దాన్ని తానే పెంచి, పెద్దదాన్ని తగ్గిస్తుంది. ఎంత బిగ్గరగా ఉందో దానికి అది సాక్ష్యం కాదు. లొడలొడ, టింగ్ ఉన్నాయా పోయాయా అన్నదానికి మాత్రం పనికొస్తుంది. షిఫ్ట్ టిక్ ఏమైంది?

---

రాత్రిపాళీ · శనివారం, రాత్రి 10:45

హౌసింగ్ ఊగుతోంది, మీరన్నట్టే. గుడ్డ టేపు పెట్టాను. సగం తగ్గింది, సగం ఉంది. ఎంటర్‌లో అదే కొలత తీగ కదా, రెండింటి తీగలూ మార్చి చూద్దామనుకుంటున్నా. టిక్ తీగ వెంట వెళ్తుందో, షిఫ్ట్ దగ్గరే ఉండిపోతుందో తెలుస్తుంది. రేపు విప్పుతాను.

అమ్మ నిన్న రాత్రి నిద్రపోయింది. పొద్దున అడిగితే "శనగలు అయిపోయాయా, ఇప్పుడు ఎవరో దూరంగా వక్కలు కొడుతున్నట్టుంది" అంది.

---

టైపిస్టు_తాత · ఆదివారం, ఉదయం 6:10

బాబూ, కీబోర్డు కింద ఫెల్ట్ వేశావా లేదా? ఆ సంగతి ఎక్కడా రాయలేదు.